రిపోర్టు కొట్టాక ఏం జరుగుతుంది?

మిర్యాలగూడలో ఒక రైస్ మిల్లు ఆఫీసులో లెక్కలు రాసే అమ్మాయి ఉందనుకుందాం. ఆమె పేరు, ఫొటో పెట్టి ఎవరో ఇన్‌స్టాగ్రామ్‌లో దొంగ అకౌంటు తెరిచారు. మిల్లుకు వచ్చే వ్యాపారులకు ఆ అకౌంటు నుంచి చెత్త మెసేజీలు పోతున్నాయి. ఆఫీసులో పదిమందీ రిపోర్టు కొట్టారు. అయినా అకౌంటు కదల్లేదు.

రిపోర్టుల సంఖ్య పెరిగినంత మాత్రాన అకౌంటు పోదు. ముందు యంత్రం జల్లెడ పడుతుంది, అనుమానం ఉన్నవి మనుషుల దగ్గరికి వెళ్తాయి. వాళ్లు చూసేది ఎంచుకున్న కారణాన్ని, కనిపించే ఆధారాన్ని. 'నచ్చలేదు' అని నొక్కిన పది రిపోర్టుల కంటే, 'నాలా నటిస్తున్నారు' అని ఆమే స్వయంగా, గుర్తింపు కార్డుతో పంపిన ఒక్క రిపోర్టు బలమైనది.

ఇక జవాబు. పోస్టు తీశారా లేదా అన్నది సాధారణంగా తెలుస్తుంది. అవతలి మనిషికి హెచ్చరిక ఇచ్చారా, కొన్నాళ్లు ఆపేశారా అన్నది మాత్రం చెప్పరు. అది అతని ఖాతా వివరం కిందికి వస్తుంది. పైగా ఏ తప్పుకు ఎక్కడ పట్టుబడతారో బయటపడితే, తప్పించుకునే దారీ తెలిసిపోతుంది. రిపోర్టు చేసిందెవరో అతనికీ చెప్పరు. కాపీరైట్ ఫిర్యాదు మాత్రం వేరు. అందులో మీ పేరు, ఈమెయిల్ అవతలివాళ్లకు వెళ్లవచ్చు. ఫొటో నాదే కదా అని వేధించేవాడి మీద ఆ దారి పట్టకండి.

బ్లాక్ చేసే ముందే ప్రొఫైల్ లింకు, యూజర్‌నేమ్, తేదీ కనిపించేలా స్క్రీన్‌షాట్లు తీసి పెట్టుకోవాలి. వాట్సాప్‌లో తొందరపడి చాట్ తుడిచేస్తే మీ దగ్గరున్న సాక్ష్యమే పోతుంది.

యాప్‌లో 'తప్పేమీ లేదు' అని వస్తే, మళ్లీ పరిశీలించమని అడిగే వీలుందేమో సపోర్ట్ రిక్వెస్ట్స్‌లో చూడండి. అక్కడా పని కాకపోతే కంపెనీ గ్రీవెన్స్ ఆఫీసర్‌కు రాయాలి. 2021 ఐటీ నియమాల ప్రకారం ఫిర్యాదు అందినట్టు 24 గంటల్లో చెప్పాలి. అప్పుడిచ్చే ఫిర్యాదు నంబరు దాచుకోండి. ఆయన నిర్ణయం నచ్చకపోతే, అది అందిన 30 రోజుల్లోపు gac.gov.in లో అప్పీలు చేసుకోవచ్చు. పాత రిపోర్టునే మళ్లీ మళ్లీ కొట్టడం వల్ల ఒరిగేదేమీ లేదు. కొత్త మెసేజీ వస్తే దాన్ని కొత్త ఆధారంగా పంపండి.

బెదిరింపు గానీ, అసభ్య ఫొటో గానీ ఉంటే కంపెనీ జవాబు కోసం ఆగకుండా cybercrime.gov.in లో ఫిర్యాదు పెట్టండి. 'మా పరిధి కాదు' అని స్టేషన్‌లో తిప్పి పంపితే జీరో ఎఫ్‌ఐఆర్ నమోదు చేయమని అడగండి. తనకు అందిన ఫిర్యాదు మీద తీసేసిన సమాచారాన్ని కంపెనీ 180 రోజులు భద్రపరచాలి. పోలీసులు అడగాల్సింది ఆ గడువులోనే, కాబట్టి స్టేషన్‌కు వెళ్లడం వాయిదా వేయకండి.