సిల్తారాలో ఒక సోమవారం ఉదయం

2020 ఏప్రిల్ 1న పది ప్రభుత్వరంగ బ్యాంకులు కలిసి నాలుగయ్యాయి. మన ఆంధ్రా బ్యాంకు యూనియన్ బ్యాంకులో కలిసిందీ ఆ రోజే. మేమూ ఆ పదింటిలోని వాళ్లమే. మరుసటి ఏడాదికి, రాయ్‌పూర్ దగ్గర సిల్తారా పారిశ్రామికవాడలో ఒకే రోడ్డు మీద మన బోర్డులు రెండు వేలాడుతున్నాయి. ఒకటి మాది, ఇంకొకటి నిన్నటిదాకా వేరే బ్యాంకుది. మా బ్రాంచిని అందులో కలిపేయమని ఆదేశం వచ్చింది. మేనేజరుగా ఆ సంగతి సిబ్బందికి చెప్పాల్సింది నేను.

వచ్చిన కాగితంలో ‘శాఖల హేతుబద్ధీకరణ’, ‘మానవ వనరుల పునర్వినియోగం’ అని ఉంది. ఎంబీయేలో నేనూ ఇలాంటివి చాలా రాశాను. చదివినవాడికి ఒక్కటే అర్థమవుతుంది: నన్ను ఎక్కడికో పంపుతున్నారు. ఎక్కడికో, ఎప్పుడో, పిల్లల చదువేమిటో మాత్రం తెలియదు.

అందుకని ముందు ఒక తెల్లకాగితం తీసుకుని మూడు గళ్లు గీశాను. మొదటి దాంట్లో ఖాయమైనవి. జీతభత్యాలు తగ్గవు, 2020 మార్చి 4న ప్రభుత్వం ప్రకటించిన విలీన పథకాల్లోనే ఆ హామీ ఉంది. మా ఏడుగురిలో నలుగురు ఎదుటి బ్రాంచికి వెళతారు, ఇద్దరికి బదిలీ, నేను రీజనల్ ఆఫీసుకు. రెండో గడిలో ఇంకా తేలనివి: ఆ ఇద్దరూ ఏ ఊరు, ఏ తేదీ. మూడో గడిలో అవి తేలే రోజు. ఈ మూడో గడి కోసం రీజనల్ ఆఫీసుకు రెండుసార్లు ఫోన్ చేయాల్సి వచ్చింది. ‘త్వరలో’ అంటే ఒప్పుకోలేదు. చివరికి ‘ఈ నెల ఇరవైలోగా’ అన్నారు. తేదీ లేకపోతే సిబ్బంది రోజూ మన ముఖం చూసి ఊహించుకుంటారు.

శనివారం సాయంత్రం చెప్పేస్తే సులువే. కానీ వినేవాళ్లు ఆదివారమంతా అడిగే దిక్కు లేకుండా ఇంట్లో మథనపడాలి. సోమవారం పొద్దున్న, కౌంటర్లు తెరవడానికి ముప్పావు గంట ముందు అందరినీ రమ్మన్నాను. బదిలీ అయ్యే ఇద్దరితో అంతకంటే ముందే విడివిడిగా మాట్లాడాను. తన సంగతి నలుగురిలో వినడం ఎవరికీ బాగుండదు కదా.

మొదటి వాక్యంలోనే విషయం చెప్పాను: “మన బ్రాంచి మూసి ఎదుటి బ్రాంచిలో కలుపుతున్నారు. నిర్ణయం అయిపోయింది, నేను మార్చలేను.” తర్వాత కాసేపు ఊరుకున్నాను. ఆ నిశ్శబ్దాన్ని ‘ఇదొక అవకాశం’ లాంటి మాటలతో నింపాలనిపిస్తుంది. నింపితే ప్రశ్నలు రావు.

బదిలీ అయ్యే క్లర్కు కూతురు పదో తరగతి. “మీ బాధ నాకు తెలుసు” అనలేదు, నాకు తెలియదు. “పరీక్షలయ్యేదాకా రాయ్‌పూర్‌లోనే ఉంచమని బుధవారంలోగా అర్జీ ఇవ్వమ్మా, సిఫారసు చేసి అదే రోజు పంపుతాను. ఒప్పుకుంటారో లేదో చెప్పలేను” అన్నాను. ఆవిడ కళ్లు తుడుచుకుని అర్జీ ఎలా రాయాలని అడిగింది.

అంతా సవ్యంగా సాగిందనుకుని చివర్లో నోరు జారాను. “ఎవరి ఉద్యోగమూ పోదు” అన్నాను. తలుపు దగ్గర నిలబడి వింటున్న సెక్యూరిటీ కాకా నెమ్మదిగా, “మోర్ కా హోహీ, సాహబ్?” అన్నాడు. నా సంగతేమిటి అని.

కాకా మా రోల్స్‌లో లేడు, ఏజెన్సీ మనిషి. తలుపు మూతపడితే ఆ తలుపుకు కాపలా పోస్టూ పోతుంది. ఏడుగురి లెక్క వేసుకున్నానే గాని, రోజూ నాకు గేటు తీసే ఎనిమిదో మనిషి నా మూడు గళ్లలో ఎక్కడా లేడు. నేను చెప్పిన మాట పర్మనెంటు సిబ్బందికే నిజం. అందరి ముందే సరిదిద్దుకున్నాను: “తప్పుగా చెప్పాను, కాకా. మీ పోస్టు ఉంటుందని హామీ ఇవ్వలేను. ఏజెన్సీతో ఇవాళే మాట్లాడి, గురువారం మీకు చెబుతాను.”

గురువారానికి ఏజెన్సీ ఇంకా ఏమీ తేల్చలేదు. అయినా ఆ రోజు కాకాను పిలిచి కూర్చోబెట్టి, “ఇంకా తేలలేదు, సోమవారం మళ్లీ చెబుతాను” అన్నాను. చెప్పడానికి ఏమీ లేదని ఆ రోజు తప్పించుకుంటే, సోమవారం చెప్పినవీ అబద్ధాలే అనుకుంటారు.

ఆ మూడు గళ్ల కాగితాన్ని కాకా వివరాలు కూడా చేర్చి, హిందీలో రాయించి, ఇంటికి తీసుకెళ్లమని అందరికీ ఒక్కో ప్రతి ఇచ్చాను. వార్త ఇంటికి చేరేసరికి సగం మారిపోతుంది. మా ఇంట్లోనూ అంతే. మీ వారో, ఆవిడో అలాంటి కాగితం లేకుండా వస్తే, ఏది ఖాయం, ఏది కాదు, ఎప్పుడు తెలుస్తుందని అడగండి.

క్లర్కు అర్జీ మంజూరైంది. కాకాకు ఏజెన్సీ ఒక ఫ్యాక్టరీ గేటు దగ్గర రాత్రి డ్యూటీ ఇచ్చింది. పగటి డ్యూటీకి నేను రాసిన ఉత్తరానికి జవాబు రాలేదు. ఆ సంగతీ ఆయనకు చెప్పాను.