ఆ చివరి రెండు రూపాయలు వదిలేయండి

మీరమ్మే సరుకు మీ ఊళ్లో మరొకరు అమ్మడం లేదా? అయితే ధర పెట్టే పెత్తనం మీదే. ఎంత పెట్టినా అడిగేవాడు లేడు. ఇలాంటి చోట లాభం చూసుకుంటే మంచితనం పోతుందనీ, మంచితనం చూసుకుంటే లాభం పోతుందనీ చాలామంది అనుకుంటారు. లెక్క వేయకుండా అనుకునే మాట అది. వేసి చూస్తే, మీరు కొంచెం వదులుకున్న చోట ఊరికి చాలా మిగులుతుంది. ఎంత వదిలితే ఎంత మిగులుతుందో రూపాయల్లో తేల్చుకోవచ్చు. కాగితం, పెన్ను తీసుకోండి.

ఒక పల్లెలో ఒకే ఒక్క వాటర్ ప్లాంట్ ఉంది, దాని ఓనరు మీరే అనుకుందాం. లెక్క సులువుగా ఉండే అంకెలు తీసుకుందాం. 20 లీటర్ల క్యాన్ 30 రూపాయలంటే ఒక్కరూ కొనరు. అక్కడి నుంచి రూపాయి తగ్గించినప్పుడల్లా రోజుకు 10 క్యాన్లు ఎక్కువ పోతాయి. 20 రూపాయలకు 100 క్యాన్లు, 10 రూపాయలకు 200 క్యాన్లు. గ్రాఫ్ మీద పెడితే ఇది సరళరేఖ అవుతుంది.

ఇప్పుడు ఖర్చు. ఇంకొక్క క్యాన్ నింపి ఇంటికి చేర్చడానికి మీకు అదనంగా పడేది 6 రూపాయలు. మోటారు కరెంటు, ఫిల్టర్ల అరుగుదల, ఆటో డీజిల్ అన్నీ కలిపి అంత. ఆర్థికశాస్త్రంలో దీన్ని ఉపాంత వ్యయం అంటారు. షెడ్డు అద్దె, మెషిన్ మీద తెచ్చిన లోను వాయిదా, కుర్రాడి నెల జీతం ఇందులో కలపకండి. 50 క్యాన్లు అమ్మినా 200 అమ్మినా అవి మారవు. అద్దె పెరిగిందని వెంటనే ధర పెంచేవాళ్లు మీకూ తెలిసే ఉంటారు. నిన్న మీకు అన్నిటికంటే ఎక్కువ మిగిల్చిన ధర, అద్దె పెరిగాక కూడా అన్నిటికంటే ఎక్కువ మిగిల్చేదే. అద్దె గురించి ఆలోచించాల్సింది ప్లాంటు నడపాలా మూసేయాలా అన్నప్పుడు. క్యాన్ మీద ధర రాసేటప్పుడు కాదు.

ఇక ధర ఎంత? రూపాయి పెంచాలనిపించిన ప్రతిసారీ కాగితాన్ని రెండుగా గీసుకోండి. ఇప్పుడు మీ ధర 15, అమ్మకం 150 క్యాన్లు. 16 చేస్తే 10 క్యాన్లు పోతాయి, 140 మిగులుతాయి. ఆ 140 మీద తలా రూపాయి చొప్పున 140 వస్తుంది. పోయిన పదింటి మీద ఇంతకుముందు క్యానుకు 9 మిగిలేది కాబట్టి 90 పోతుంది. నికరంగా 50 లాభం. 16 నుంచి 17కు వెళ్తే లాభం 30. 17 నుంచి 18కి వెళ్తే 10. 18 నుంచి 19కి వెళ్తే? వచ్చేది 110, పోయేది 120. ఎదురు పది రూపాయలు నష్టం. అంటే 18 దగ్గర ఆగాలి. అక్కడ 120 క్యాన్లు, క్యానుకు 12 మిగులు, రోజుకు 1,440 రూపాయలు. అద్దె, జీతం, వాయిదా అన్నీ ఇందులోంచే కట్టుకోవాలి.

ఈ 18 ఎక్కడుందో చూశారా? ఒక్కరూ కొనని ధర 30, మీ ఖర్చు 6, ఆ రెండింటికీ సరిగ్గా మధ్యలో ఉంది. డిమాండ్ సరళరేఖ అయినప్పుడు ఎప్పుడూ అంతే. దీన్నుంచి ఇంకో సంగతి తేలుతుంది. డీజిల్, కరెంటు పెరిగి మీ ఖర్చు 6 నుంచి 10కి వెళ్లిందనుకోండి. మధ్యస్థానం 20కి జరుగుతుంది. ఖర్చు 4 పెరిగితే ధర 2 మాత్రమే పెరగాలి. మొత్తం నాలుగూ కొనేవాళ్ల నెత్తిన వేస్తే జనానికి భారమే కాదు, మీ లాభమూ తగ్గుతుంది.

చాలామంది పప్పులో కాలేసేది గల్లాపెట్టె దగ్గర. 15 రూపాయలకు అమ్మితే రోజూ 2,250 గల్లాలో పడుతుంది. 18కి అమ్మితే 2,160. సాయంత్రం డబ్బులు లెక్కపెట్టి, 15 రూపాయల ధరే ఎక్కువ గిట్టుబాటు అనుకుంటారు. ఆ ఎక్కువ పడిన 90 రూపాయల కోసం 30 క్యాన్లు అదనంగా నింపి మోశారు, వాటికి 180 ఖర్చయింది. రాబడి శిఖరం వేరు, లాభ శిఖరం వేరు.

ధరలో ఖర్చు పోగా మిగిలేది ఎంత వంతు అన్నది మీ పెత్తనానికి కొలత. 1934లో అబ్బా లెర్నర్ అనే ఆర్థికవేత్త ఈ కొలతను ప్రతిపాదించాడు. 18లో 12 మిగులు, అంటే మూడింట రెండు వంతులు. పోటీ నిండుగా ఉన్న బజారులో అది సున్నా దగ్గరికి వస్తుంది. ఒంటరి వ్యాపారికైనా అది ఎంత ఉండాలో నిర్ణయించేది జనమే. 18 దగ్గర మీరు ధర ఒక శాతం పెంచితే వాళ్లు కొనుగోలు ఒకటిన్నర శాతం తగ్గిస్తారు. ఒకటిని ఆ ఒకటిన్నరతో భాగిస్తే వచ్చేదీ ఆ మూడింట రెండు వంతులే. జనం ఎంత త్వరగా తప్పుకోగలిగితే మీ మిగులు అంత కుంచించుకుపోతుంది. వాళ్లకు పంచాయతీ కొళాయి ఉందా, చేతిపంపు ఉందా, పక్కూరి ఆటో వస్తుందా అన్నవాటిని బట్టే ఆ వేగం ఉంటుంది.

ఇక్కడిదాకా మీ జేబు సంగతి. ఇప్పుడు ఊరి సంగతి చూడండి. నేను ఈ వ్యాసం రాస్తున్నదే దీనికోసం.

18 రూపాయల దగ్గర 120 క్యాన్లు పోతున్నాయి. ధర 6 దాకా దిగితే 240 పోతాయి. మధ్యలో ఉన్న 120 క్యాన్ల గురించి ఆలోచించండి. ఒక ఇల్లాలు క్యానుకు 12 రూపాయలు ఇవ్వడానికి సిద్ధం. మీకు దాని ఖర్చు 6. ఆమెకు ఆ నీళ్లు అందితే ఆరు రూపాయల మేలు ఎవరికో ఒకరికి దక్కేది, మీకో, ఆమెకో, ఇద్దరికీ సగం సగమో. ధర 18 కాబట్టి ఆమె బిందె పట్టుకుని చేతిపంపుకు వెళ్లింది. ఆ ఆరు మీ గల్లాలోకీ రాలేదు, ఆమె కొంగులోనూ మిగల్లేదు. అసలు పుట్టనే లేదు. ఇలాంటి 120 క్యాన్లలో మొదటి దానికి పోయిన మేలు దాదాపు 12, చివరి దానికి దాదాపు సున్నా. సగటున ఆరేసి చొప్పున రోజుకు 720 రూపాయలు. ఆర్థికశాస్త్రం దీన్ని డెడ్‌వెయిట్ లాస్ అంటుంది. మీరు సంపాదించిన 1,440 జనం దగ్గర్నుంచి మీ దగ్గరకు చేతులు మారిన సొమ్ము. దాని న్యాయాన్యాయాల మీద వాదించుకోవచ్చు. ఈ 720 అలా కాదు, దాన్ని తిన్నవాడంటూ ఎవడూ లేడు.

ఈ లెక్కకు పునాదులు వేసినవాళ్లు ఇద్దరు ఫ్రెంచివాళ్లు. 1838లో ఆంత్వాన్ ఆగస్టిన్ కూర్నో ఒంటరి వ్యాపారి లాభాన్ని గణితంలో పెట్టి చూపడానికి ఎంచుకున్న ఉదాహరణ కూడా నీళ్లే. మరెక్కడా దొరకని ఆరోగ్య గుణాలున్న నీటి ఊట ఒకరి సొంతమైతే అతను ధర ఎంత పెడతాడన్నది అతని ప్రశ్న. 1844లో ఇంజనీరు జూల్స్ డ్యూపుయి వంతెనల మీద సుంకం గురించి రాస్తూ, సుంకం భరించలేక వంతెన దాటకుండా ఆగిపోయినవాళ్ల నష్టాన్ని కొలిచాడు. సుంకం రెట్టింపైతే ఈ నష్టం నాలుగింతలవుతుందని చూపాడు. మన ప్లాంటులోనూ అంతే. ధర 12 ఉంటే, అంటే ఖర్చు మీద మిగులు 6 ఉంటే, ఊరి నష్టం 180. మిగులు 12 అయ్యేసరికి అది 720.

ఈ నాలుగింతల లెక్కే మీకు దారి చూపుతుంది. 18 నుంచి 16కు దిగండి. 140 క్యాన్లు, పదేసి మిగులు, 1,400. మీకు తగ్గింది 40 రూపాయలు. జనానికి కలిసొచ్చింది? పాత 120 క్యాన్ల మీద రెండేసి చొప్పున 240, కొత్తగా కొన్న 20 క్యాన్ల మీద ఇంకో 20, మొత్తం 260. మీ 40 పోగా ఊరికి నికరంగా మిగిలేది 220. ఊరి నష్టం 720 నుంచి 500కు పడిపోతుంది. శిఖరం దగ్గర లాభం చదునుగా ఉంటుంది. రెండడుగులు ఇటైనా అటైనా మీకు పెద్ద తేడా తెలియదు. కిందివైపు వేసిన ఆ రెండడుగులే ఊరికి ఎంతో మేలు.

అదే 18 నుంచి 20కి ఎక్కారనుకోండి. 100 క్యాన్లు, పద్నాలుగేసి మిగులు, మళ్లీ 1,400. మీ నష్టం అదే నలభై. జనం మాత్రం 220 పోగొట్టుకుంటారు. శిఖరం కచ్చితంగా ఎక్కడుందో ఏ వ్యాపారికీ తెలియదు కాబట్టి తప్పు జరగక తప్పదు. ఎక్కువైనా తక్కువైనా మీకు పడే దెబ్బ ఒకటే అయినప్పుడు, తక్కువ వైపే తప్పు చేయండి. 20 రూపాయల ధర ఇంకో ముప్పు కూడా తెస్తుంది. క్యానుకు 14 మిగులుతోందని తెలిసినవాడు ఇంకో ప్లాంటు పెట్టడానికి స్థలం వెతుక్కుంటాడు. అంతే లాభం 16 దగ్గర 140 క్యాన్ల మీద పరుచుకుని ఉంటే, కొత్తవాడు లాక్కోవాల్సిన ఇళ్లు ఎక్కువ, ఒక్కో క్యాన్ మీద దొరికేది తక్కువ.

రూపాయికి ఎన్ని క్యాన్లు తగ్గుతాయో తెలుసుకోవాలంటే ఒకే నెలలో ఒక వారం ఒక ధర, మరో వారం ఇంకో ధర పెట్టి క్యాన్లు లెక్కపెట్టండి. మార్చిని మేతో పోల్చకండి, ఎండ పెంచిన అమ్మకం మీ ధర ఖాతాలో పడుతుంది. పెళ్లిళ్లకు పోయే క్యాన్లు తీసేసి లెక్కించండి. ధర మార్చిన మొదటి రెండు రోజుల అంకెలూ నమ్మొద్దు, జనం అలవాటు మార్చుకోవడానికి కొంత టైం పడుతుంది. వచ్చిన జవాబు మీరు ప్రయత్నించిన ధరల చుట్టుపక్కలకే పనికొస్తుంది. 15, 17 దగ్గర కొలిచిన గీతను పొడిగించి 30కి ఒక్కరూ కొనరని తేల్చేయకండి, అంత పొడవునా గీత తిన్నగా ఉండదు. ఇంకో సంగతి కూడా గుర్తుంచుకోండి. ఈ గీత చెప్పేది ఎవరు ఎంత ఇవ్వగలరో అన్నదే, ఎవరికి నీళ్లు ఎంత అవసరమో కాదు. ఫ్లోరైడ్ బోరు తప్ప దిక్కులేని ఇంట్లో డబ్బు లేకపోతే, వాళ్ల దాహం ఈ లెక్కలోకే రాదు. కాబట్టి ఊరి అసలు నష్టం 720 కంటే ఎక్కువే ఉండొచ్చు.

ఆ 720లో కొంతైనా రాబట్టే దారి మీ ప్లాంటు గుమ్మంలోనే ఉంది. ఇంటికి చేర్చే క్యాన్ 18కే ఉంచి, తన క్యాన్ తానే తెచ్చుకుని నింపుకుపోయేవాళ్లకు 11 రూపాయలు పెట్టండి. ఆటో ఖర్చు ఉండదు కాబట్టి మీకు పడేది 4 అనుకుందాం. 18 దగ్గర ఆగిపోయిన ఇళ్లలో 70 క్యాన్లకు మనుషులు నడిచి వస్తారు, ఏడేసి చొప్పున 490 వస్తుంది. ఇంటికి తెప్పించుకునేవాళ్లలోనూ కొందరు ఇటు మళ్లుతారు. అలా మళ్లిన ఒక్కో క్యాన్ మీద మీకు 12 బదులు 7 మిగులుతుంది, 5 తగ్గుతుంది. అందరూ మళ్లిపోతారని భయపడే ముందు 490ని 5తో భాగించండి. 120 క్యాన్లలో 98 దాకా మళ్లినా మీరు పాత లాభం కంటే కిందికి రారు.