భూమిని విడిచి వెళ్లడానికి ఎంత పని?

బదిలీ ఆర్డరు రాగానే మనం ట్రంకు పెట్టెలు సర్ది లారీలోకి ఎత్తుతాం. పెట్టె 20 కిలోలు, లారీ ఎత్తు 1.5 మీటర్లు అనుకుందాం. మనం చేసిన పని mgh, అంటే 20 × 9.8 × 1.5 = 294 జౌళ్లు. లెక్క ఇంత సులువుగా తేలడానికి కారణం, ఆ మీటరున్నరలో భూమి లాగే బలం దాదాపు మారకపోవడమే.

శ్రీహరికోటలో బయలుదేరిన రాకెట్ చాలా దూరం పోతే ఈ సూత్రం సరిపోదు. భూకేంద్రం నుంచి దూరం రెండింతలైతే బలం నాలుగో వంతవుతుంది, మూడింతలైతే తొమ్మిదో వంతవుతుంది. ఇదే విలోమ వర్గ నియమం. మరి ఏ బలంతో గుణించాలి?

దారినంతా చిన్న చిన్న ముక్కలుగా కోద్దాం. ఒక్కో ముక్కలో బలం మారనట్టే లెక్క. ప్రతి ముక్కలోనూ బలాన్ని దూరంతో గుణించి, అన్నిటినీ కూడదాం. ఈ కూడికే సమాకలనం, మన గణితం క్లాసులోని ఇంటిగ్రేషన్. భూమి వ్యాసార్థం R నుంచి దూరం r వరకు కూడితే:

W = ∫ (GMm/r²) dr = GMm (1/R − 1/r)

నేల మీద వస్తువు బరువు mg = GMm/R² కాబట్టి GM బదులు gR² రాయవచ్చు. అప్పుడు:

W = mgR (1 − R/r)

ఇప్పుడు 1 కిలో వస్తువును తీసుకుందాం. R సుమారు 6,400 కిలోమీటర్లు. mgR విలువ 6.27 కోట్ల జౌళ్లు. వస్తువును నేల నుంచి R ఎత్తుకు చేరిస్తే r = 2R, కాబట్టి పని అందులో సగం. mgh వాడి ఉంటే రెట్టింపు వచ్చేది. r = 10R దగ్గర పదింట తొమ్మిది వంతుల పని అయిపోతుంది. అనంత దూరం పోతే బ్రాకెట్ విలువ 1 అవుతుంది. దారికి అంతం లేదు, పనికి మాత్రం ఉంది: 6.27 కోట్ల జౌళ్లు. ఇంట్లో కరెంటు బిల్లు లెక్కలో ఇది 17 యూనిట్ల పైచిలుకు.

ఇది ఆ ఒక్క కిలో మీద గురుత్వానికి ఎదురుగా చేసే పని మాత్రమే. రాకెట్ తన ఇంధనాన్ని కూడా మోయాలి, గాలిని చీల్చుకు పోవాలి. అందుకే అసలు ఖర్చు చాలా ఎక్కువ.

పరీక్షలో మనం తరచు చేసే పొరపాటు r బదులు నేల నుంచి ఎత్తు h వేయడం. r అంటే R + h. జవాబు సరిచూసుకోవడానికి ఒక దారి ఉంది. r బదులు R + h వేస్తే పై సూత్రం W = mgh × R/(R + h) అవుతుంది. h చాలా చిన్నదైతే ఇది mgh తో కలవాలి. మన ట్రంకు పెట్టెకు కలుస్తుంది.

చంద్రుడు సుమారు 60R దూరంలో ఉన్నాడు. అంత దూరం చేరేసరికి మొత్తం పనిలో ఎన్నో వంతు అయిపోతుందో మీరే లెక్క కట్టండి. చంద్రుడి ఆకర్షణను పక్కన పెడితే జవాబు 59/60 రావాలి.