వైఫై పేజీ ఏం అడుగుతోంది?

సోహార్ నుంచి ఊరికి వెళ్ళేటప్పుడు మస్కట్‌లోనో శంషాబాద్‌లోనో విమానం కోసం ఆగి, మనం ఉచిత వైఫై పెట్టుకుంటాం. 2024లో ఆస్ట్రేలియా పోలీసులు ఇలాంటి చోటే జరిగిన మోసంపై ఒక వ్యక్తి మీద కేసు పెట్టారు. పెర్త్, మెల్‌బోర్న్, అడిలైడ్ విమానాశ్రయాల్లో అతడు చిన్న పరికరంతో, అసలు వైఫైని పోలిన నకిలీది నడిపాడని అప్పట్లో అభియోగం మోపారు. దానికి కలిసినవారికి ఈమెయిల్ లేదా సోషల్ మీడియా వివరాలతో లాగిన్ కమ్మనే పేజీ వచ్చేది. వారు నింపినవన్నీ అతని దగ్గరకు చేరేవి.

వైఫైకి ఏ పేరైనా పెట్టవచ్చు, లోగోనూ అతికించవచ్చు. అందుకే పేజీ ఏం అడుగుతోందో చూడాలి. అసలు పేజీ సాధారణంగా నిబంధనలకు ఒప్పుకోమంటుంది, లేదా ఫోన్ నంబరుకు ఓటీపీ పంపుతుంది. మన ఈమెయిల్ పాస్‌వర్డ్ గానీ, బ్యాంకు వివరాలు గానీ ఉచిత వైఫైకి అక్కర్లేదు.

ఓటీపీ వచ్చినా మెసేజ్ పూర్తిగా చదవండి. అందులో వాట్సాప్ అనో బ్యాంకు అనో ఉంటే ఆ అంకెలు పేజీలో కొట్టకండి. మీ ఖాతాలోకి ఎవరో చొరబడుతున్నారన్నమాట.

ఇప్పటికే పాస్‌వర్డ్ ఇచ్చి ఉంటే వైఫై ఆపి, మొబైల్ డేటాతో వెంటనే మార్చండి. మిగతా పరికరాలన్నిటి నుంచి లాగౌట్ చేయండి.