సముద్రం, యొర్దాను ఒకే వచనంలో ఎందుకు?

అమ్మా సునీతా,

సండే స్కూలు పెద్ద పిల్లల కోసం నువ్వు తయారుచేసిన వర్క్‌షీట్ చదివాను. చాలా శ్రద్ధ పెట్టావు. అయినా పిల్లల చేతికి ఇచ్చేముందు దాన్ని మార్చమనే చెబుతాను. ఎడమవైపు వచనాలు రాసి, కుడివైపు ఉపమ, రూపకం, మానవీకరణ, సమాంతరత అని గడులు గీసి టిక్కు పెట్టమన్నావు. 'వలె' కనబడగానే ఉపమ గడిలో టిక్కు పడిపోతుంది. కీర్తన చదవకుండానే కాగితం నిండిపోతుంది. అలంకారం పేరు తెలియాలి, కాదనను. కానీ అది అక్కడ ఏం చేస్తోందో పిల్లలు చెప్పగలగాలి.

అందుకని పది కీర్తనల ముక్కలు వద్దు. 114వ కీర్తన ఒక్కటి తీసుకో. ఎనిమిదే వచనాలు కాబట్టి కాగితం పైభాగంలో మొత్తం పడుతుంది.

ముందు సమాంతరత సంగతి. హెబ్రీ కవిత్వంలో ఒక పాదానికి ఇంకో పాదం జోడుగా వస్తుంది. రాబర్ట్ లౌత్ అనే ఆక్స్‌ఫర్డ్ పండితుడు 1753లో అచ్చయిన తన ఉపన్యాసాల్లో ఈ జోడీలను మూడు రకాలు చేశాడు: అదే భావాన్ని మళ్లీ చెప్పేవి, ఎదురు భావం చెప్పేవి, కొనసాగించేవి. నీ వర్క్‌షీట్‌లో ఉన్నవీ అవే. చిక్కల్లా మొదటి రకంతోనే. 'అదే భావం' అనగానే పిల్లలు రెండో పాదాన్ని దాటేస్తారు. 1981లో జేమ్స్ కూగెల్ ఈ లోపాన్నే పట్టుకున్నాడు. రెండో పాదం ఊరికే తిరిగి చెప్పదు, 'అంతేకాదు, ఇంకా' అంటూ ముందుకు జరుగుతుందన్నాడు.

మూడో వచనం చూడు. సముద్రం చూసి పారిపోయింది, యొర్దాను వెనక్కి మళ్లింది. పైకి రెండూ నీళ్లే, రెండూ తొలగిపోయినవే. కానీ సముద్రం పాయలైంది నిర్గమకాండంలో, మోషే ఉండగా. యొర్దాను ఆగింది యెహోషువ గ్రంథంలో, మోషే చనిపోయాక. మధ్యలో నలభై ఏళ్ల అరణ్యం ఉంది. ఐగుప్తు నుంచి పెద్దవాళ్లుగా బయల్దేరినవాళ్లలో దాదాపు అందరూ ఆ ఎడారిలోనే కన్నుమూశారు. కవి ఆ నలభై ఏళ్లను రెండు పాదాల నడుమ ఖాళీలో పెట్టి, ప్రయాణం మొదలునూ చివరనూ పక్కపక్కన నిలబెట్టాడు. పిల్లల్ని ఒక్కటే అడుగు: ఈ రెండు నీళ్లకూ మధ్య ఏం జరిగింది?

చివరి వచనంలోనూ ఇంతే. బండ నీటిమడుగు అవుతుంది, చెకుముకి రాయి ఊట అవుతుంది. మడుగు నిలిచి ఉండే నీరు, ఊట ఉబికి పారేది. చెకుముకి మామూలు బండకన్నా గట్టిది, పైగా కొడితే నిప్పు రాల్చే రాయి. రాయి కఠినమయ్యేకొద్దీ నీరు జీవంతో కదులుతోంది.

నీ గడుల్లో దేనికీ దొరకని పని ఇంకొకటి ఈ కీర్తనలో ఉంది. రెండో వచనంలో 'ఆయన' అంటాడు గానీ ఆ ఆయన ఎవరో చెప్పడు. సముద్రం పారిపోతుంది, కొండలు పొట్టేళ్లలా గంతులేస్తాయి. మీకేమైందని కవి వాటినే నిలబెట్టి అడుగుతాడు. ఏడో వచనంలో గానీ ప్రభువు అన్న మాట రాదు. ఆ వచనం నుంచి కిందిది చేతితో మూసి, పైది చదివించు. మానవీకరణ ఎందుకు వాడాడో పిల్లలకే తెలుస్తుంది: మనకింకా చెప్పని ఆయన్ని సముద్రం ముందే చూసింది.

ఇది నేర్పాక ఒక ప్రమాదం ఉంది. ప్రతి జోడీలోనూ తేడా వెతికేస్తారు. సామెతలు పదో అధ్యాయం మొదటి వచనంలో జ్ఞానముగల కొడుకు తండ్రికి సంతోషం, బుద్ధిలేనివాడు తల్లికి దుఃఖం. అయితే దుఃఖం తల్లికేనా, తండ్రికి పట్టదా అని ఎవడో అడుగుతాడు. అప్పుడు మాటలు తారుమారు చేయించు. తల్లినీ తండ్రినీ మార్చినా అర్థం చెడదు, అంటే ఇద్దరినీ కలిపి చదవాలి. సముద్రాన్నీ యొర్దానునూ మార్చి చూడమను, ప్రయాణం తలకిందులవుతుంది. ఈ పరీక్ష అన్నిచోట్లా తేల్చదు గానీ, ఊహకు మాత్రం కళ్లెం వేస్తుంది.

సామెతల నుంచి ఇంకొక్కటే పెట్టు, ఇరవై ఆరో అధ్యాయం నాలుగు, ఐదు వచనాలు. మూర్ఖుడికి జవాబివ్వకు అని ఒకటి, ఇవ్వు అని దాని వెంటనే ఇంకొకటి. కూర్చినవాళ్లు చూసుకోక పెట్టారనుకోకు. రెండింటికీ చెరొక కారణం ఆ వచనాల్లోనే ఉంది: ఒకచోట నువ్వూ వాడిలా అయిపోతావు, ఇంకోచోట వాడు తానే జ్ఞాని అనుకుంటాడు. సామెత ఆజ్ఞ కాదు, సందర్భం చూసి వాడుకునేది. నాలుగో వచనం పనికొచ్చే సందర్భం ఒకటి, ఐదో వచనానికి ఒకటి తమ బడిలో జరిగేవి రాయమను.

అలంకారాల పేర్లు కాగితం వెనకవైపు వేయించు. ముందువైపు జవాబులు రాశాక తిప్పి, తాము చూసినదానికి పేరేమిటో వాళ్లే గుర్తుపట్టాలి. గీతల మధ్య చోటు బాగా వదులు, ఒక్క మాటతో సరిపెట్టకుండా వాక్యం రాస్తారు.

ప్రేమతో,
పెదనాన్న