ఎక్స్‌కర్షన్ బస్సులో వరసల లెక్క

చెల్లీ,

నీ ఉత్తరం నిన్న అందింది. నరసరావుపేట నుంచి సాగర్‌కి 44 మంది పిల్లలు, నలుగురు టీచర్లు, 50 సీట్ల బస్సు, ఇన్‌ఛార్జి నువ్వు. ముందుగా ఒక మాట. మీరు అనుకున్న రోజు శుక్రవారం. నాగార్జునకొండ మ్యూజియానికి శుక్రవారం సెలవు. హెడ్‌మాస్టర్‌గారితో మాట్లాడి రోజు మార్పించు. ఇక నువ్వడిగిన సీట్ల సంగతి.

"పిల్లల్ని ఎక్కించాక ఒకసారి తలలు లెక్కపెట్టుకుంటే చాలదా అక్కా?" అని రాశావు. చాలదు. తలలు లెక్కపెడితే 43 అని తేలుతుంది, తప్పిపోయింది ఎవరో తేలదు. అప్పుడు హాజరుపట్టీ తీసి పేర్లు పిలుస్తావు, పిల్లలు గోల చేస్తుంటారు, ఒకరి బదులు ఇంకొకరు పలుకుతారు. ఎవరెక్కడ కూర్చోవాలో ముందే రాసిపెట్టుకుంటే ఆ తిప్పలుండవు. ఖాళీ సీటు చూడగానే పేరు తెలిసిపోతుంది.

బస్సులో ఒకవైపు ముగ్గురు, ఇంకోవైపు ఇద్దరు కూర్చునే సీట్లన్నావు కాబట్టి వరసకి ఐదు చొప్పున పది వరసలు. నలుగురు టీచర్లూ ముందు సీట్లో చేరి కబుర్లు చెప్పుకోవడం కుదరదు. ఒకరు మొదటి వరసలో తలుపు పక్కన, ఒకరు నాలుగో వరసలో, ఒకరు ఏడో వరసలో, ఒకరు చివరి వరసలో కూర్చోవాలి. మొదటి వరసలో పిల్లలు ఇద్దరే ఉండాలి. బస్సు పడనివాళ్లని అక్కడ కూర్చోబెట్టు. మిగిలిన రెండు సీట్లూ అక్కడే ఖాళీగా ఉంచి మందుల సంచీ, నీళ్ల సీసాలు పెట్టు. నాలుగు, ఏడు, పది వరసల్లో నలుగురేసి పిల్లలు, మిగతా ఆరు వరసల్లో ఐదుగురేసి. కూడి చూసుకో, 44 వస్తుంది. దీనివల్ల ఏమవుతుందంటే, బస్సు మొత్తానికి ఖాళీ సీట్లు మొదటి వరసలోనే ఉంటాయి. ఇంకెక్కడ ఖాళీ కనపడ్డా ఒక పిల్లో పిల్లాడో కింద ఉండిపోయినట్టే.

కిటికీ పక్క సీటు కోసం పిల్లలు కొట్టుకుంటారు. అది ఆపలేం, ఆపాల్సిన పనీ లేదు. ఒకే వరసలో వాళ్లు ఎలా మారినా సరే, వరస దాటి మాత్రం మారకూడదని బయల్దేరే ముందురోజే క్లాసులో చెప్పు. ప్రతివాళ్లనీ ఇద్దరు స్నేహితుల పేర్లు రాయమని, వాళ్లలో ఒకరినైనా అదే వరసలో వెయ్యి. ఇష్టమైనవాళ్లు పక్కనుంటే వరస మారాలనే గొడవే రాదు. మధ్యలో ఎవరికైనా వాంతులై ముందుకి తేవాల్సి వస్తే, ఆ క్షణమే చార్టు మీద పెన్నుతో మార్చు. తర్వాత రాద్దామనుకుంటే తర్వాతి స్టాపులో లెక్క తప్పుతుంది.

కిందకి దిగాక కూడా ఈ వరసలే పనికొస్తాయి. మొదటి మూడు వరసలు ఒక టీచరుకి, 12 మంది. నాలుగు నుంచి ఆరు ఒకరికి, 14. ఏడు నుంచి తొమ్మిది ఒకరికి, 14. చివరి వరస నలుగురూ పెద్దపిల్లలై ఉండాలి. వాళ్లతో ఉండే టీచరు ఎక్కడికెళ్లినా అందరికంటే వెనక నడవాలి. ఆ టీచరు వెనక మన పిల్ల ఒక్కరు కూడా ఉండకూడదు.

ఇప్పుడు మాచర్లలో టిఫిన్‌కి ఆగారనుకో. ఎక్కేటప్పుడు ఒక టీచరు తలుపు దగ్గర నిలబడి ఒక్కొక్కరినీ లోపలికి పంపుతూ లెక్కపెట్టాలి. హోటలు ముందు గుంపుగా ఉన్నవాళ్లని లెక్కపెట్టడం వృథా, కదులుతున్న పిల్లలు రెండుసార్లు లెక్కలోకొస్తారు. అందరూ కూర్చున్నాక ఇంకో టీచరు వెనక నుంచి ముందుకి నడుస్తూ వరసలు చూడాలి. వరసకొక పిల్లని పెద్దగా పెట్టుకుంటే "మూడో వరస, ఐదుగురం" అని వాళ్లే చెప్తారు. అయినా నువ్వు కళ్లతో చూడు. సీటు కింద పడిపోయిన చెప్పు వెతుక్కునేవాడు, పక్కవాళ్ల ఒళ్లో పడుకున్నది, ఇవి మాట విని తెలిసేవి కావు. ఇద్దరూ తమ అంకె చీటీ మీద రాసుకుని, ఆ తర్వాతే ఒకరికొకరు చూపించుకోవాలి. మొదటివాళ్లు పైకి 44 అనేశారంటే, రెండోవాళ్ల లెక్క తెలియకుండానే 44 దగ్గరికొచ్చి ఆగుతుంది.

అంకె ఎప్పుడూ పిల్లలదే. టీచర్లనీ, డ్రైవరునీ, ఏ టీచరైనా వెంట తెచ్చుకున్న సొంత బిడ్డనీ అందులో కలపొద్దు. ఒకరు 48 అనీ ఒకరు 44 అనీ చెప్పుకుంటుంటే ఆ గందరగోళంలో 43 దాక్కుంటుంది.

లెక్క సరిపోయాక తలుపు వేసెయ్యాలి. ఆ తర్వాత "టీచర్, బాత్రూం" అని ఎవరైనా దిగితే ఆ లెక్క చెల్లదు, తిరిగొచ్చాక ఆ వరస మళ్లీ చూడాలి. ఇక డ్రైవరుకి "రైట్" చెప్పే మనిషి రోజంతా ఒక్కరే, నువ్వే. ఈ సంగతి డ్రైవరుతో పొద్దున్నే చెప్పు. ఎవరో వెనక నుంచి "పోనివ్వండి" అంటే బస్సు కదలకూడదు.

ఎత్తిపోతల దగ్గర ఇంకో చిక్కుంది. సీజన్లో అక్కడ చాలా స్కూళ్ల బస్సులు ఆగుతాయి, యూనిఫాంలు కూడా దాదాపు ఒకేలా ఉంటాయి. ఒకసారి పక్క బస్సులో జరిగింది నేను చూశాను. తలుపు దగ్గర అంకె సరిగ్గా వచ్చింది. వరసలు చూసేసరికి ఐదో వరస పెద్ద "ఈ పాప మాది కాదు టీచర్" అంది. వేరే స్కూలు పాప వాళ్లలో కలిసి ఎక్కేసింది, వాళ్ల పిల్ల ఇంకా జలపాతం దగ్గరే రెయిలింగు పట్టుకుని నిలబడి ఉంది. అంకె ఒక్కటే చూసి ఉంటే ఆ బస్సు వెళ్లిపోయేది. అందుకే వరసలో పక్కవాళ్ల మొహాలు చూసుకోమని పిల్లలకి అలవాటు చెయ్యి. మెడలో వేసే కార్డు మీద స్కూలు పేరు, నీ ఫోను నంబరుతోపాటు బస్సు నంబరు చివరి నాలుగంకెలు పెద్దగా రాయించు.

విజయపురి సౌత్‌లో లాంచి ఎక్కేచోట సీట్ల చార్టు పనికిరాదు, అక్కడ వేరేవాళ్లూ ఎక్కుతారు. కాబట్టి 12, 14, 14, 4 అనే జట్లుగానే నిలబెట్టి, ఒక జట్టు పూర్తిగా ఎక్కాకే రెండోది పంపు. ఎక్కేటప్పుడు, కొండ మీద దిగినప్పుడు, తిరిగి ఎక్కేటప్పుడు, ఒడ్డున దిగినప్పుడు, నాలుగుసార్లూ లెక్క పెట్టాల్సిందే. మన లాంచి వెళ్లిపోయాక కొండ మీద ఒక పిల్ల మిగిలితే బస్సులాగా వెనక్కి తిప్పుకు రాలేం.

ఎవరైనా తగ్గితే పిల్లల్ని వెతకడానికి పంపొద్దు. ఆ వరసవాళ్లని "చివరిసారి ఎక్కడ చూశారు?" అని అడుగు. వెనక నడిచే టీచరు ఒక్కరే అక్కడికి వెళ్లాలి, మిగతా ముగ్గురూ బస్సు దగ్గరే ఉండాలి. తప్పిపోతే ఉన్నచోటే నిలబడమని పిల్లలకి ముందే చెప్పి ఉంచావంటే, వెళ్లిన టీచరుకి తొందరగానే దొరుకుతారు.

వచ్చేటప్పుడు చీకటి పడుతుంది, పిల్లలు నిద్రపోతుంటారు. టీ కోసం ఆగినా లోపలి లైట్లు వేయించి, తల మీద చెయ్యి పెట్టి లెక్కపెట్టు. దారిలో ఏ ఊళ్లోనో తండ్రి బైకు మీద వచ్చి "మా అబ్బాయిని ఇక్కడే దించండి" అంటాడు. అలా దిగేవాళ్లుంటే ముందురోజే తల్లిదండ్రుల సంతకం తీసుకుని, ఆ పేరు పక్కన ఊరు రాసుకో. సంతకం లేనివాళ్లు స్కూలు దగ్గరే దిగాలి. ఒకరు దిగగానే ఆ వరస అంకె కొట్టేసి కొత్తది వెయ్యి, వరస పెద్దకీ చెప్పు. ఎవరు తీసుకెళ్లారో చార్టు మీదే సంతకం పెట్టించుకో.

చార్టు గీశాక ఫోటో తీసి పంపు. ఏ వరసలో ఎవరిని వేశావో, ముఖ్యంగా చివరి వరసలో ఆ నలుగురు ఎవరో చూస్తాను.

నీ అక్క