చెన్నైకి ముందు తమిళం: యాప్ నేర్పేది ఒకటి, ఆటోలో వినిపించేది మరొకటి

హైదరాబాద్ నుంచి చెన్నైకి నా ట్రాన్స్‌ఫర్ ఖరారయ్యాక చేతిలో మూడు వారాలే ఉన్నాయి. ముందు డ్యూయోలింగో తెరిచా. అందులో హిందీ ఉంది గానీ తమిళం లేదు. ఇంకో యాప్ వేసుకుని రోజూ పాఠాలు పూర్తి చేశా. చెన్నైలో దిగిన రోజు ఆటో డ్రైవర్ ఏదో అడిగితే "ఎనక్కు పురియవిల్లై" అన్నా. ఆయన నవ్వేశాడు. నేను తప్పు మాట్లాడలేదు, న్యూస్ రీడర్‌లా మాట్లాడా, అంతే!

తమిళంలో రాసే భాషకీ మాట్లాడే భాషకీ చాలా దూరం. అందుకే యాప్‌కి డబ్బులు కట్టే ముందు ఫ్రీ పాఠాల్లో ఈ మూడు వాక్యాలు వెతకండి.

- అర్థం కాలేదు: రాతలో "పురియవిల్లై", మాటలో "పురియల"
- ఎక్కడుంది: రాతలో "ఎంగే ఇరుక్కిరదు", మాటలో "ఎంగ ఇరుక్కు"
- కావాలి: రాతలో "వేండుం", మాటలో "వేణుం"

మొదటి రూపాలే కనిపిస్తే ఆ యాప్ బోర్డులు, పేపర్లు చదవడానికి పనికొస్తుంది, బేరానికి కాదు. గూగుల్ ట్రాన్స్‌లేట్ ఇచ్చేది కూడా ఎక్కువగా రాత భాషే.

నేను మార్చుకున్న పద్ధతి

అంకి అనే ఫ్లాష్‌కార్డ్ యాప్ వేసుకున్నా. ఆండ్రాయిడ్‌లో ఫ్రీ, ఐఫోన్‌లో డబ్బులు కట్టాలి. ఆటో, హోటల్, ఇంటి ఓనర్‌తో పడే మాటలు అరవై వాక్యాలు తెలుగులో రాసుకుని, చెన్నై కొలీగ్‌తో చెప్పించి రికార్డ్ చేశా. కార్డు ముందు వైపు తెలుగు వాక్యం, వెనక వైపు ఆయన గొంతు. రోజుకి కొత్త కార్డులు పదికి కుదించా. ఎక్కువ పెడితే నాలుగో రోజుకి రివ్యూలు పేరుకుపోతాయి.

ఇక్కడ ఒక పొరపాటు చేశా. నేను అడగాల్సినవే పెట్టా, అవతలివాళ్లు చెప్పే జవాబులు పెట్టలేదు. "ఎవ్ళో?" అని రేటు అడగడం వచ్చింది, జవాబు మాత్రం ఎక్కలేదు. యాప్‌లో నూట యాభై అంటే "నూట్రు ఐంబదు". డ్రైవర్ నోట అది "నూత్తి అంబదు". అప్పుడు అంకెలకు వేరే కార్డులు చేసుకున్నా. వీటికి ముందు వైపే ఆడియో ఉంటుంది, విని అంకె చెప్పాలి.

మనకి కలిసొచ్చేది కూడా ఉంది. మన "అండి" లాగా అక్కడ చివర "ంగ" చేరిస్తే మర్యాద: వాంగ, పోంగ, సొల్లుంగ. కానీ "ఇల్ల" అంటే ఇల్లు కాదు, "లేదు" అని!

అరవై కార్డులతో ఆఫీసు మీటింగ్‌లో జోకులు అర్థం కావు. ఆటో రేటు మాత్రం అర్థమవుతుంది. మొన్న "నూత్తి అంబదు" అంటే "నూరు రూబా" అన్నా. ఈసారి ఆయన నవ్వలేదు, నూట ఇరవైకి దిగాడు.